లింక్డ్‌ఇన్‌లో మూడు నెలలు కామెంట్లు రాశాను, చూడాల్సినవాళ్లు మాత్రం చూడలేదు

జడ్చర్ల క్యూసీ
అందరికీ నమస్కారం. ఒక టాబ్లెట్ల ప్లాంట్‌లో క్యూసీ, అంటే క్వాలిటీ కంట్రోల్ అనలిస్టుగా ఆరేళ్లుగా చేస్తున్నాను. రోజంతా హెచ్‌పీఎల్‌సీ, డిసల్యూషన్ టెస్టులే. నాకు నిజంగా ఇష్టమైన పని ఓఓఎస్ ఇన్వెస్టిగేషన్లు. రిజల్ట్ స్పెసిఫికేషన్ బయటికి పోతే, అది ఎందుకు పోయిందో తవ్వి తీయడం. ల్యాబ్ క్యూఏ, అంటే క్వాలిటీ అస్యూరెన్స్ వైపు వెళ్లాలని ఉంది. మా దగ్గర ఖాళీ లేదు, బయట నన్ను ఎరిగినవాళ్లు లేరు.

సొంతంగా పోస్టు రాస్తే నలభై మంది చూస్తారు, అందులో ముప్పై మంది నా కాలేజీ బ్యాచే. వేరేవాళ్ల పోస్టుల కింద కామెంట్లు రాయమని ఒక ఫ్రెండ్ చెప్తే మొదలుపెట్టాను. మూడు నెలల్లో రెండు వందలు దాటాయి. ప్రొఫైల్ చూసేవాళ్లు పెరిగారు. ఎవరా అని చూస్తే బీఫార్మసీ విద్యార్థులు, ఇన్సూరెన్స్ ఏజెంట్లు, బెంగళూరు ఐటీ రిక్రూటర్ ఒకాయన. ఒక్క క్యూఏ హెడ్ లేడు, ఒక్క ఆడిటర్ లేడు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

మహేష్ డిజిటల్
బ్రో, రెండు వందలు తక్కువ. రోజుకి ఇరవై కొట్టాలి. లక్ష ఫాలోయర్లు ఉన్న అకౌంట్లు ఒక పది పట్టుకో, పోస్టు పడిన గంటలోపు కామెంట్ పెట్టెయ్. తర్వాత వచ్చినవి కిందకి పోతాయి, ఎవరూ చూడరు. కామెంట్ పదిహేను పదాలు దాటాలి. నేను నా క్లయింట్లందరికీ ఇదే చేయిస్తా.

ఇంకోటి, నీ హెడ్‌లైన్ ఏముంది? కామెంట్ పక్కన నీ పేరు, దాని కింద హెడ్‌లైన్ మొదటి ముక్క, అంతే కనిపిస్తాయి.

జడ్చర్ల క్యూసీ
హెడ్‌లైన్: "కొత్త అవకాశాల కోసం ఎదురుచూస్తున్న ఉత్సాహవంతుడైన ఫార్మా ప్రొఫెషనల్". ఇంగ్లీషులో ఉంది లెండి.

మహేష్ డిజిటల్
చూశావా! ఫోన్‌లో చూసేవాడికి "కొత్త అవకాశాల కోసం" వరకే కనబడి చుక్కలు పడతాయి. నువ్వేం చేస్తావో వాడికెలా తెలుస్తుంది? ముందు అది మార్చు.

అమీర్‌పేట అనూష
మా చెల్లిదీ ఇదే బాధ అండీ. ఎంఫార్మసీ అయిపోయింది. ఉద్యోగాల పోస్టుల కింద రోజూ "ఇంట్రెస్టెడ్" అని పెడుతోంది, ఫోన్ నంబరు కూడా ఇస్తోంది. ఎవరూ పిలవడం లేదు. పోయిన వారం ఒకడు ఫోన్ చేసి రిజిస్ట్రేషన్‌కి మూడు వేలు కట్టమన్నాడు. కామెంట్ ఎలా రాస్తే ఉద్యోగం ఇస్తారు?

పరవాడ పద్మజ
అనూష గారూ, ఆ డబ్బు కట్టనివ్వకండి. ఉద్యోగం ఇచ్చే కంపెనీ ఎదురు డబ్బు అడగదు. ముందు ఆ నంబర్ ఉన్న కామెంట్లన్నీ డిలీట్ చేయించండి. అలాంటి పోస్టులు కొన్ని నంబర్లు పోగేయడానికే పెడతారు. ఇక్కడ ఈ అబ్బాయి అడుగుతున్నది వేరే సంగతి. మీ చెల్లి గురించి విడిగా థ్రెడ్ పెట్టండి, చెప్తాను.

ఇక అసలు ప్రశ్న. నేను విశాఖ వైపు క్యూఏలో పదిహేడేళ్లు చేశాను. ఇప్పుడు ప్లాంట్ల ల్యాబ్‌లకి ఆడిట్లు చేస్తుంటాను. అంటే బాబూ, నువ్వు వెతుకుతున్న "చూడాల్సినవాళ్ల"లో నేనూ ఒకదాన్ని. కాబట్టి నేను కామెంట్లు ఎలా చదువుతానో చెప్తాను.

నాలుగు వందల కామెంట్లున్న పోస్టు కింద నేను అసలు చదవను. పోస్టు రాసినాయనే చదవడు, ఎక్కడ చదువుతాడు! అక్కడ తిరిగేది నీలాగే కనబడాలని వచ్చినవాళ్లు. నీ ప్రొఫైల్ చూసిన విద్యార్థులు అక్కడివాళ్లే. మహేష్ గారు చెప్పింది బట్టల షాపుకైతే పనిచేస్తుందేమో. ల్యాబ్ ఇన్వెస్టిగేషన్ గురించి తీరిగ్గా చదివేవాళ్లు మన దేశంలో ఎంతమంది ఉంటారు? అందులో రాసేవాళ్లు ఇంకా తక్కువ. వాళ్లు నెలకి రెండు మూడు పోస్టులు రాస్తారు, కింద ఐదో పదో కామెంట్లు వస్తాయి. ఆ ఐదూ రాసినాయన చదువుతాడు. నాలుగోసారి నీ పేరు కనబడితే గుర్తుపడతాడు.

వాళ్లని పట్టుకునేది ఇలా. సెర్చ్‌లో ఓఓఎస్, ల్యాబ్ ఇన్వెస్టిగేషన్, డేటా ఇంటెగ్రిటీ అని కొట్టి, పోస్టులు మాత్రమే ఎంచుకుని, తాజావి పైకి వచ్చేలా పెట్టు. ఐఎస్‌పీఈ, పీడీఏ అనే ఫార్మా వృత్తి సంఘాల ఇండియా విభాగాల సమావేశాల్లో ల్యాబ్ అంశాల మీద మాట్లాడినవాళ్ల పేర్లు చూడు. తర్వాత, ఇదే ముఖ్యం, వాళ్ల పోస్టుల కింద విషయం ఉన్న కామెంట్లు రాసేవాళ్లెవరో చూడు. ఆ గుంపు ఒకళ్లకొకళ్లు తెలుసు. నీకు పన్నెండు, పదిహేను పేర్లు దొరికితే చాలు. వాళ్లని ఫాలో అయి, ప్రొఫైల్లో గంట గుర్తు నొక్కితే పోస్టు పడగానే కబురొస్తుంది. వారానికి రెండు మూడు కామెంట్లకి మించి అవసరం రాదు.

నువ్వు రాసిన వాటిలో ఒకటి ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టు. ఏ పోస్టు కిందో కూడా చెప్పు.

జడ్చర్ల క్యూసీ
సిగ్గుగా ఉంది మేడమ్, అయినా పెడుతున్నాను. ఒక సీనియర్ రాసిన పోస్టు సారాంశం: ఓఓఎస్ రాగానే "అనలిస్టు పొరపాటు" అని రాసేసి, మళ్లీ ట్రైనింగ్ ఇచ్చామని ఫైలు మూసేస్తున్నారు, అది ఇన్వెస్టిగేషన్ కాదు అని.

నా కామెంట్: "వెరీ వెల్ సెడ్ సార్. రూట్ కాజ్ ఎనాలిసిస్ ఈజ్ ద నీడ్ ఆఫ్ ద అవర్ ఫర్ ఫార్మా ఇండస్ట్రీ. థాంక్యూ ఫర్ షేరింగ్ దిస్ వాల్యుబుల్ ఇన్‌సైట్."

పాత కాపు
CFBR, అదే "కామెంటింగ్ ఫర్ బెటర్ రీచ్", ఒకటి తగిలించి ఉంటే సంపూర్ణంగా ఉండేది తమ్ముడూ 😄

మహేష్ డిజిటల్
పదిహేను పదాలు దాటింది కదా, బానే ఉంది.

పరవాడ పద్మజ
దాటింది, కానీ ఇది ఏ పోస్టు కింద పెట్టినా అతుకుతుంది. నేను చూసే పరీక్ష ఇదే: కామెంట్ తీసుకెళ్లి టాబ్లెట్ కోటింగ్ పోస్టు కింద అతికిస్తే సరిపోయిందా, అయితే అందులో ఏమీ లేనట్టు. పోస్టులో ఆయన ఒక మాట అన్నాడు: అనలిస్టు మీదకి తోసేస్తున్నారు అని. నువ్వు ఆరేళ్లు ఆ బల్ల దగ్గర నిలబడ్డావు. అనలిస్టు తప్పులా కనబడి, తీరా చూస్తే కాని కేసు ఒక్కటైనా నీకు గుర్తుండాలే?

జడ్చర్ల క్యూసీ
ఉంది మేడమ్. ఒక టాబ్లెట్ అస్సే, అంటే అందులో మందు ఎంత శాతం ఉందో చూసే టెస్టు, 88.4 వచ్చింది, లిమిట్ 95 నుంచి 105. అందరూ అనలిస్టు డైల్యూషన్ తప్పు చేశాడన్నారు. అదృష్టం కొద్దీ ఫ్లాస్కులో ద్రావణం పారబోయలేదు. అదే వయల్ మళ్లీ ఇంజెక్ట్ చేస్తే అంతే వచ్చింది, అంటే మెషీన్ బాగానే ఉంది. అదే ఫ్లాస్కులోంచి తీసి, ఫిల్టర్‌లోంచి వచ్చే మొదటి 5 ఎంఎల్ వదిలేసి, తర్వాతది పట్టి ఇంజెక్ట్ చేశాం. 98.9 వచ్చింది. డైల్యూషన్ తప్పయితే ఫ్లాస్కులోనే తక్కువ ఉండాలి కదా. ఫిల్టర్ మందుని పట్టేసుకుంటోంది! తవ్వితే తేలిందేమిటంటే, పీవీడీఎఫ్ ఫిల్టర్‌తో వాలిడేట్ చేసిన మెథడ్‌కి స్టోర్స్‌లో అవి అయిపోయి నైలాన్‌వి వచ్చాయి. మార్పుకి ముందే అనుమతి తీసుకునే ఛేంజ్ కంట్రోల్ లేదు.

ఎడిసన్ శ్రీధర్
ఇంత సరుకు పెట్టుకుని "వెల్ సెడ్ సార్" అని రాశావా! నేను న్యూజెర్సీలో వాలిడేషన్ చేస్తుంటాను, నెలకి ఒకటో రెండో పోస్టులు రాస్తాను. ఇలాంటి కామెంట్ నా పోస్టు కింద పడితే ఆ రాత్రే ప్రొఫైల్ తెరుస్తాను. తెరవగానే చూసేది అనుభవం కాదు, యాక్టివిటీ. అక్కడ కామెంట్లు అన్న చోట నువ్వు ఇన్నాళ్లూ రాసినవన్నీ వరసగా ఉంటాయి. ఒక మంచి కామెంట్ కింద నూట తొంభై "థాంక్యూ ఫర్ షేరింగ్"లు కనబడితే ఈ ఒక్కటీ గాలివాటం అనుకుంటాను. పాతవి కొన్ని తీసెయ్.

జడ్చర్ల క్యూసీ
ఇలా రాస్తే? (ఇంగ్లీషులో రాశాను, తెలుగులో చెప్తున్నాను.)

"సార్, పోయిన నెల మా ప్లాంట్‌లో ఒక అస్సే 88.4 వచ్చింది. అనలిస్టు డైల్యూషన్ తప్పు అన్నారు. అదే ఫ్లాస్కులోంచి మొదటి 5 ఎంఎల్ వదిలి ఫిల్టర్ చేస్తే 98.9 వచ్చింది. నైలాన్ ఫిల్టర్ కారణం, ఛేంజ్ కంట్రోల్ లేకుండా మార్చారు. ఎఫ్‌డీఏ 2006 ఓఓఎస్ గైడెన్స్ కూడా శాంపిల్ ద్రావణాలు దాచమనే చెప్తుంది."

పాత కాపు
తమ్ముడూ ఆగు, ఇది పోస్టు చేయకు. నవ్వులాట కాదు. నేనూ ఒకప్పుడు ఇలాగే "మా దగ్గర ఈ సమస్య వచ్చింది, ఇలా సరిచేశాం" అని ఒకాయన పోస్టు కింద రాశాను. కంపెనీ పేరు రాయలేదు. రాయక్కర్లేదు, నా పేరు మీద నొక్కితే కంపెనీ వస్తుంది. మా బాస్ నా కనెక్షనే, నేను కామెంట్ చేశానని ఆయన ఫీడ్‌లోనే చూపించింది. నాలుగో రోజు హెచ్ఆర్ పిలిచింది. ఉద్యోగం పోలేదు కానీ ఆ ఏడాది రేటింగ్ పోయింది. అప్పట్నుంచి చదవడమే, రాయడం లేదు.

పరవాడ పద్మజ
పాత కాపు గారు చెప్పింది అక్షరాలా నిజం. నేనూ అదే చెప్పబోతున్నాను. "పోయిన నెల", "మా ప్లాంట్", 88.4, "ఛేంజ్ కంట్రోల్ లేకుండా", ఈ నాలుగూ కలిస్తే ఒక కంపెనీ జీఎంపీ, అంటే తయారీ నాణ్యతా నియమాల లోపాన్ని ఆ కంపెనీ ఉద్యోగే బహిరంగంగా రాసినట్టు. మీ కస్టమర్ ఆడిటర్ చదివితే వచ్చే ఆడిట్‌లో మొదటి ప్రశ్న అదే. పైగా, ల్యాబ్ క్యూఏ ఉద్యోగం ఇవ్వబోయేవాడు ఇది చదివి ఏమనుకుంటాడు? రేపు మా సంగతులూ ఇలాగే రాస్తాడు అనుకుంటాడు. నీకు గుర్తింపు తేవాల్సిన కామెంటే నిన్ను ముంచుతుంది.

బ్యాచ్ కథ తీసెయ్, లోపల పనిచేసిన సూత్రం ఉంచు. నేనైతే ఇలా రాస్తాను:

"అస్సే తక్కువ వచ్చినప్పుడు డైల్యూషన్ తప్పుకీ, ఫిల్టర్ మందుని పట్టేయడానికీ తేడా ఒక్క పరీక్షతో తెలుస్తుంది, ఫ్లాస్కులో ద్రావణం పారబోయకుండా ఉంటే. అదే వయల్ మళ్లీ ఇంజెక్ట్ చేస్తే మెషీన్ సంగతి తేలుతుంది. అదే ఫ్లాస్కులోంచి మొదటి కొన్ని ఎంఎల్ వదిలి తిరిగి ఫిల్టర్ చేస్తే రిజల్ట్ పెరిగిందా, అనలిస్టు డైల్యూషన్ సరిగ్గానే చేసినట్టు. ఫిల్టర్ మెటీరియల్ మారితే క్యూసీకి తెలియకుండానే ఇది జరగొచ్చు. మీ చెక్‌లిస్టులో ఫిల్టర్ మెటీరియల్ అని విడిగా గడి ఉంటుందా, లేక కన్స్యూమబుల్స్ అన్న ఒక్క మాటలో కలిపేస్తారా?"

చివరి ప్రశ్న మర్యాద కోసం పెట్టింది కాదు. దానికి ఆయన దగ్గర జవాబు ఉంటుంది, అది చెప్పడం ఆయనకీ ఇష్టమే. "మీ అభిప్రాయం ఏమిటి సార్" అంటే ఎవరూ చెప్పరు, అభిప్రాయం పోస్టులోనే రాశాడు కదా.

కామెంట్‌కి 1,250 అక్షరాల పరిమితి ఉంది, అంత నింపకు. మొదటి రెండు మూడు లైన్లే కనబడి మిగతాది ముడుచుకుపోతుంది. అందుకే "సార్ చాలా చక్కగా" అన్నది ముందు పెట్టకు, తేడా తెలిపే వాక్యంతోనే ఎత్తుకో.

ఎడిసన్ శ్రీధర్
పద్మజ గారితో సగమే ఒప్పుకుంటాను. "మా ప్లాంట్" తీసేయాల్సిందే. కానీ అంకెలన్నీ తీసేస్తే అది పుస్తకంలోది రాసినట్టుంటుంది. ఐదు శాతమా, పదా, ఎంత తేడా వచ్చిందో ఉంటే చదివేవాడికి వీడు చూశాడు అని తెలుస్తుంది. ఆరేళ్లలో ఎప్పుడైనా, ఎక్కడైనా జరిగినట్టు "పది శాతం దాకా తగ్గడం చూశాను" అనొచ్చు కదా.

ఇంకో మాట. 2006 గైడెన్స్ అని రాశావు. అది 2006 అక్టోబర్‌లో వచ్చింది నిజమే, కానీ 2022 మేలో సవరించారు. ద్రావణాలు దాచమన్న సంగతి ఇప్పటికీ ఉంది, నీ పాయింట్ తప్పు కాదు. అయినా పాత ప్రతి పేరు చెప్తే, రోజూ అదే పని చేసేవాళ్ల మధ్య నువ్వు దాన్ని తెరిచి చాలాకాలమైందని అర్థమైపోతుంది. లింక్డ్‌ఇన్‌లో దిద్దొచ్చు, "ఎడిటెడ్" అని పడుతుంది, ఫర్వాలేదు. అసలు ఈ కామెంట్‌కి గైడెన్స్ అవసరమే లేదు.

పరవాడ పద్మజ
శ్రీధర్ గారూ, మీరు న్యూజెర్సీలో కూర్చుని చెప్తున్నారు. ఇతను ఆరేళ్లూ ఒకే కంపెనీలో ఉన్నాడు. "చూశాను" అంటే ఎక్కడ చూశాడో అందరికీ తెలిసిపోతుంది. రెండు మూడు కంపెనీలు మారినవాడైతే మీ మాట సరే.

ఎడిసన్ శ్రీధర్
అది నాకు తట్టలేదు. అయినా "తగ్గొచ్చు" అని రాస్తే చప్పగానే ఉంటుందండీ.

మహేష్ డిజిటల్
మీరంతా కంటెంట్ గురించి మాట్లాడుతున్నారు, రీచ్ సంగతి? కామెంట్ కింద ఇంప్రెషన్లు చూపిస్తున్నారు ఇప్పుడు. చిన్న పోస్టుల కింద ముప్పై, నలభై వస్తాయి. దానికి ఇంత శ్రమా?

ఎడిసన్ శ్రీధర్
ఆ ముప్పైలో పది మంది ల్యాబ్ హెడ్‌లైతే? మహేష్ గారూ, మీరు చెప్పిన గంట సంగతిలో కొంత నిజం ఉంది. నేను పోస్టు పెట్టాక కాసేపు అక్కడే ఉంటాను, అప్పుడు వచ్చినవాటికి జవాబిస్తాను. జవాబిస్తే ఆ కామెంటూ, నా జవాబూ పైకి కనబడతాయి. కానీ నాలుగో రోజు వచ్చిన మంచి కామెంట్‌కి కూడా నోటిఫికేషన్ వస్తుంది, చదువుతాను. ఒకసారి రెండో వారంలో ఒకావిడ నా లెక్కలో తప్పు పట్టుకుంది. శాంపిల్ సైజు పొరపాటుగా రాశాను. "సార్ తప్పు" అనలేదు, "నేను చేస్తే ఇంత వస్తోంది, నేను వేరేగా అనుకున్నానా?" అని అడిగింది. ఇప్పుడు ఆవిడ మా టీమ్‌కి బయటి రివ్యూయర్.

పాత కాపు
సీనియర్ తప్పు పట్టుకుంటే మన దగ్గర రివ్యూయర్ చేయరు సార్, బ్లాక్ చేస్తారు.

ఎడిసన్ శ్రీధర్
కొందరు చేస్తారు. అలాంటివాళ్ల దగ్గర పనిచేయాలని ఉందా మరి?

పాత కాపు
ఈఎంఐ ఉన్నవాడికి ఆ ఛాయిస్ ఉండదు.

జడ్చర్ల క్యూసీ (ఐదు వారాల తర్వాత)
అందరికీ థాంక్స్, ఏం జరిగిందో చెప్పకపోతే బాగోదని మళ్లీ వచ్చాను.

హెడ్‌లైన్ "క్యూసీ ఇన్వెస్టిగేషన్లు, హెచ్‌పీఎల్‌సీ, ఓరల్ సాలిడ్స్" అని మార్చాను. మహేష్ అన్నకి ఇది బాకీ. పాత కామెంట్లు నూట యాభై పైగా తీసేశాను, అదే రెండు రాత్రులు పట్టింది. పద్మజ మేడమ్ చెప్పినట్టు వెతికితే పదకొండు మంది దొరికారు. ఐదు వారాల్లో రాసింది తొమ్మిది కామెంట్లు. నాలుగింటికి ఏ జవాబూ రాలేదు. ఒకదాంట్లో నేనే పొరబడ్డాను, డిసల్యూషన్‌లో డీఎయిరేషన్ గురించి ఆయన పాడిల్ అంటే నేను బాస్కెట్ అనుకుని రాశాను. ఒప్పుకుని కిందే దిద్దాను.

ఫిల్టర్ కామెంట్ మేడమ్ రాసినట్టే, అంకెలు లేకుండా, నా మాటల్లో పెట్టాను. ఆ సీనియర్ జవాబిచ్చారు: విడిగా గడి లేదు, పెట్టాలి, అని. దాని కింద ఇంకో ఇద్దరు చేరి వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. అందులో ఒకాయన ల్యాబ్ కంప్లయన్స్ కన్సల్టెంట్, నా ప్రొఫైల్ చూశారు. కనెక్షన్ రిక్వెస్ట్ వెంటనే పంపలేదు. ఆయన పెట్టిన ఇంకో పోస్టు కింద కూడా నేను రాశాక, ఆ ఫిల్టర్ చర్చ గుర్తుచేస్తూ రెండు లైన్లతో పంపాను. ఉద్యోగం మాట ఎత్తలేదు. ఒప్పుకున్నారు. ఉద్యోగం ఇంకా ఏమీ లేదు.

ఇప్పుడొక చిక్కు. ఆ చర్చలో చేరిన ఇద్దరిలో రెండో ఆయన అదే థ్రెడ్‌లో "ఏ కంపెనీ ఫిల్టర్, ఏ మందుతో వచ్చింది?" అని నన్ను అడిగారు. రెండు రోజులైంది. జవాబు చెప్పకపోతే పొగరు అనుకుంటారేమో, చెప్తే పాత కాపు గారి కథ అవుతుంది. ఏం రాయాలి?

పరవాడ పద్మజ
ఫిల్టర్ కంపెనీ పేరూ వద్దు, మందు పేరూ వద్దు. "ఆ వివరాలు నేను పంచుకోలేను. నైలాన్‌కి కొన్ని మందులు అతుక్కుంటాయన్న వరకే చెప్పగలను. మీ ఫిల్టర్ స్టడీలో ఎంత వాల్యూమ్ వదిలి చూస్తారు?" అని రాయి. నిజంగా ఆ పని తెలిసినాయనైతే ఎందుకు చెప్పలేదో ఆయనకే అర్థమవుతుంది.

ఎడిసన్ శ్రీధర్
నేనైతే ఆ జవాబు కూడా అక్కడ కాకుండా విడిగా మెసేజ్‌లో ఇస్తాను.

పాత కాపు
మెసేజ్ స్క్రీన్‌షాట్ తీయలేరా సార్? అక్కడే రాయి తమ్ముడూ, నువ్వు చెప్పలేదన్న సంగతి నలుగురూ చూడనీ.